ఒకే ప్రశ్నకి మూడు సమాధానాలేటి? చాట్‌బాట్‌లో మన చేతిలో ఉన్నదెంత

పలాసలో ఒక జీడిపప్పు హోల్‌సేల్ వ్యాపారం ఉందనుకుందాం. రోజంతా వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలకు, అంటే రేటెంత, 240 గ్రేడ్ ఉందా, సరుకు ఎప్పుడు బయల్దేరుతుంది లాంటివాటికి, జవాబివ్వడానికి ఒక చాట్‌బాట్ పెట్టించారు. పెట్టిన వారానికి మేనేజర్‌కి ఒక అనుమానం వచ్చి తన ఫోన్ నుంచి తనే అడిగి చూశాడు: "ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే అడ్వాన్స్ వెనక్కి వస్తుందా?" వస్తుందండి, 10 శాతం పట్టుకుని మిగతాది ఇస్తాం అని జవాబు. కాసేపాగి అదే ప్రశ్న మళ్లీ పెట్టాడు. ఈసారి "అడ్వాన్స్‌లో 90 శాతం మీ ఖాతాకి వాపసు చేస్తాం" అంది. సాయంత్రం బావమరిది ఫోన్ తీసుకుని ఇంకోసారి అడిగితే "48 గంటల్లోపు చెబితే మొత్తం అడ్వాన్స్ తిరిగి ఇచ్చేస్తాం" అనేసింది. వెంటనే ఆ బాట్ చేసినతనికి ఫోన్. "ఒకే ప్రశ్నకి మూడు సమాధానాలేటండీ? కాలిక్యులేటర్ ఇలా చేస్తుందా?"

ప్రశ్న సబబైనదే. కానీ ఇక్కడ జరిగింది ఒక తప్పు కాదు, రెండు వేర్వేరు సంగతులు. మొదటి రెండు జవాబులు మాటల్లో తేడా, విషయం ఒకటే: 10 శాతం పట్టుకోవడం అన్నా 90 శాతం ఇవ్వడం అన్నా లెక్క మారలేదు. మూడోది విషయంలోనే తేడా. మొదటిదాన్ని చూసి కంగారు పడక్కర్లేదు, మూడోదాన్ని చూసి పడాలి. ఈ రెంటినీ కలిపి "బాట్ నిలకడగా లేదు" అని ఒకే మాటలో అనేస్తే, బాట్ చేసినవాడు ఏదో ఒక సెట్టింగ్ తిప్పి సరిచేశానంటాడు, నెల తిరక్కుండా అదే గొడవ మళ్లీ వస్తుంది.

ముందు మాటలు ఎందుకు మారతాయో చూద్దాం. చాట్‌బాట్ వెనక ఉండే భాషా మోడల్ జవాబుని మొత్తంగా ఎక్కడినుంచో తీసి ఇవ్వదు. ముక్క ముక్కగా రాస్తుంది. ఆ ముక్కని టోకెన్ అంటారు. ఒక్కోసారి అది పూర్తి పదం, తెలుగులో చాలాసార్లు పదంలో ఒక భాగం. ప్రతి ముక్క దగ్గరా మోడల్ చేసేది ఒకటే పని: ఇంతవరకు ఉన్నదంతా చూసి, తర్వాత రాదగ్గ ముక్కలన్నిటికీ ఇంతింత అవకాశం అని లెక్కకడుతుంది. ఉదాహరణకి "అడ్వాన్స్‌లో" అని రాసేసిన తర్వాత, "10" అనే ముక్కకి నూటికి 60, "మొత్తం" అనే ముక్కకి 30, ఇంకేదైనా రావడానికి 10 అని లెక్క వచ్చిందనుకోండి. ప్రతిసారీ ఎక్కువ అవకాశం ఉన్నదాన్నే తీసుకోవాలని లేదు, ఆ నిష్పత్తిలో చీటీ తీసినట్టు ఒకటి తీస్తుంది. పదిసార్లు అడిగితే సుమారు ఆరుసార్లు "10" వస్తుంది, మూడుసార్లు "మొత్తం" వస్తుంది.

ఒకసారి "మొత్తం" అనే ముక్క పడిపోయిందా, ఇక వెనక్కి వెళ్లి దాన్ని చెరపదు. తర్వాతి ముక్కలన్నీ ఆ "మొత్తం"కి పొసిగేలా కూర్చుకుంటూ పోతుంది, అందుకే తప్పు జవాబు కూడా అంత శుభ్రంగా, మర్యాదగా, నమ్మకంగా వస్తుంది. తడబాటు కనపడదు. మనిషైతే "ఉండండి, కనుక్కుని చెప్తా" అంటాడు, ఇది చాలాసార్లు ఆ మాట అనదు.

జీడిపప్పు గ్రేడింగ్ చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. 240 అంటే పౌనుకి 220 నుంచి 240 పప్పులు, 320 అంటే పౌనుకి 300 నుంచి 320. పెద్ద పప్పు చేతిలోకి రాగానే ఎవరైనా ఒకే గంపలో వేస్తారు, ఎన్నిసార్లిచ్చినా అంతే. అటూ ఇటూ కాని సైజు పప్పు మాత్రం పొద్దున ఒక గంపలో పడుతుంది, మధ్యాహ్నం ఇంకో గంపలో పడుతుంది. మోడల్ కూడా అంతే. అవకాశం 99కి 1గా ఉన్నచోట ఎన్నిసార్లు అడిగినా దాదాపు అదే వస్తుంది. 60కి 30గా ఉన్నచోటే ఊగుతుంది. అంటే మాటల్లో కాక విషయంలోనే ఊగుతోందంటే అక్కడ మోడల్‌కి గట్టి ఆధారం లేదని అర్థం. మేనేజర్ పట్టుకోవలసిన సంగతి ఇదే.

ఇప్పుడు అందరూ చెప్పే ఆ సెట్టింగ్ దగ్గరికి వద్దాం. దాని పేరు `temperature`. చాలామంది దీన్ని "సృజనాత్మకత మీట" అని చెప్పేసి వదిలేస్తారు, కానీ అది చేసే పని చిన్న లెక్క. దాన్ని 1 దగ్గర ఉంచితే పైన చెప్పిన 60, 30, 10 అలాగే ఉంటాయి. 0.5కి దించితే ఒక్కోదాన్నీ దానితోనే ఒకసారి గుణించి మళ్లీ నూటికి సర్దుతారు. 6, 3, 1 అనే నిష్పత్తి 36, 9, 1 అవుతుంది, అంటే నూటికి సుమారు 78, 20, 2. ఇంకా 0.2కి దించితే అయిదో ఘాతం: 7776, 243, 1. ఇప్పుడు "10"కి నూటికి 97, "మొత్తం"కి 3. ముందున్నవాడు ఇంకా ముందుకి పోతాడు, వెనకున్నవాడు దాదాపు మాయమవుతాడు. 0 పెడితే చీటీ తీయడం మానేసి ఎప్పుడూ పైన ఉన్నదాన్నే తీసుకుంటుంది. `top_p` అని ఇంకోటి ఉంటుంది, అది అడుగున ఉన్న చిల్లర అవకాశాలని ముందే కత్తిరించేది. రెంటినీ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి ఒకటే తిప్పడం మంచిది. కొన్ని కొత్త మోడళ్లు, ముఖ్యంగా జవాబు ముందు లోపల ఆలోచించుకునే రకాలు, ఈ మీటనే బయటికి ఇవ్వవు. ఆ మోడల్ తీసుకుంటే ఈ దారి మూసుకున్నట్టే, కొనే ముందే అడగాలి.

అయితే 0.2 పెట్టేస్తే సరిపోతుందా? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పై ఉదాహరణలో అదృష్టం కొద్దీ సరైన జవాబుకే 60 ఉంది. అది తిరగబడి "మొత్తం"కి 60, "10"కి 30 ఉంటే? అప్పుడు మీట దించితే నూటికి 97 సార్లు తప్పే చెబుతుంది, అదీ చాలా నిలకడగా. మేనేజర్ రెండు ఫోన్ల నుంచి అడిగి చూస్తే రెండుసార్లూ ఒకటే జవాబొచ్చి "బాగుపడింది" అనిపిస్తుంది. నిజానికి అంతకుముందు కనీసం తేడా కనపడి అనుమానం వచ్చేది, ఇప్పుడు అదీ పోయింది. మీట దించడం ఊగడాన్ని ఆపుతుంది. తప్పుని ఒప్పు చేయదు.

సరే, 0 పెట్టాం, ఇక అక్షరం పొల్లు పోకుండా అదే రావాలి కదా? సిద్ధాంతంలో రావాలి, ఆచరణలో అన్నిసార్లూ రాదు. కారణం కొంచెం వింతగా ఉంటుంది కానీ కష్టమైనది కాదు. కంప్యూటర్ దశాంశాలను ఒక హద్దు దాకానే దాచుకుంటుంది కాబట్టి, కూడే వరుస మారితే చివరి అంకె మారుతుంది. పైథాన్ తెరిచి ఎవరైనా చూడొచ్చు:

```
>>> (0.1 + 0.2) + 0.3
0.6000000000000001
>>> 0.1 + (0.2 + 0.3)
0.6
```

మోడల్ ఒక్కో ముక్కకి ఇలాంటి కూడికలు కోట్లలో చేస్తుంది. పైగా ఆ సర్వర్ మన ఒక్కరిదే కాదు. అదే క్షణంలో వచ్చిన ఇంకా ఎందరివో ప్రశ్నలని ఒక కట్టగా కట్టి కలిపి నడుపుతుంది, ఎంత రద్దీ ఉంటే కట్ట అంత పెద్దది. కట్ట సైజు మారితే కూడికల వరుస మారొచ్చు, చివరి అంకె మారొచ్చు, రెండు ముక్కలు దాదాపు సమానంగా ఉన్నచోట గెలిచేది మారొచ్చు. థింకింగ్ మెషీన్స్ ల్యాబ్ అనే అమెరికా సంస్థ 2025 సెప్టెంబరులో దీన్ని కొలిచి చూపించింది: ఒక పెద్ద మోడల్‌ని `temperature` 0 దగ్గర ఉంచి, భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ గురించి చెప్పమని ఒకే ప్రశ్న 1000 సార్లు అడిగితే 80 రకాల జవాబులొచ్చాయి. మొదటి 102 ముక్కలు వెయ్యింటిలోనూ ఒకటే. 103వ ముక్క దగ్గర చీలిక: 992 జవాబులు ఆయన పుట్టింది "క్వీన్స్, న్యూయార్క్"లో అన్నాయి, 8 "న్యూయార్క్ సిటీ"లో అన్నాయి. క్వీన్స్ న్యూయార్క్ నగరంలో భాగమే కాబట్టి రెండూ నిజమే, కానీ అక్కడి నుంచి దారులు వేరయ్యాయి. కట్ట సైజుతో సంబంధం లేకుండా కూడికలు ఒకే వరుసలో జరిగేలా వాళ్లు సాఫ్ట్‌వేర్ మార్చి నడిపితే వెయ్యీ ఒకటే వచ్చాయి, కాకపోతే వేగం తగ్గింది.

అంటే పూర్తి నిలకడ అసాధ్యమేం కాదు, కాకపోతే అది సర్వర్ నడిపేవాడి చేతిలో ఉంది, నెలకింత అని కట్టి వాడుకునే మన చేతిలో లేదు. కొన్ని సర్వీసుల్లో `seed` అనే అంకె ఇవ్వొచ్చు, అదే అంకె ఇస్తే చీటీ అదే రకంగా తీయడానికి ప్రయత్నిస్తుంది. ప్రయత్నిస్తుంది అన్నారే గానీ గ్యారంటీ ఇవ్వలేదు. జీడిపప్పు వ్యాపారానికి అది పెద్ద లోటేమీ కాదు. కొనేవాడికి కావలసింది డబ్బు ఎంత తిరిగొస్తుందన్నది, వాక్యం ఎలా మొదలైందన్నది కాదు. కాబట్టి "ప్రతిసారీ అవే మాటలు రావాలి" అని కాంట్రాక్ట్‌లో రాయించుకోవడం దండగ. "డబ్బు, గడువు, గ్రేడ్, ఈ మూడింట్లో తేడా రాకూడదు" అని రాయించుకుంటే అది నిలబెట్టదగ్గ షరతు.

ఇక మూడో జవాబు, ఆ 48 గంటల సంగతి. అది ఎక్కడినుంచి వచ్చింది? చీటీ తీయడం వల్ల గాల్లోంచి ఊడిపడలేదు. మేనేజర్ టైప్ చేసిన ఒక్క వాక్యమే మోడల్‌కి వెళ్తుందని అనుకుంటాం, కానీ వెళ్లేది ఒక పెద్ద కట్ట. సర్వర్ అందరి ప్రశ్నలూ కలిపి కట్టేది కాదు, ఇది ఈ ఒక్క ప్రశ్నకి సంబంధించింది. దాంట్లో ముందుగా బాట్ ఎలా మాట్లాడాలో చెప్పే సూచనలు, తర్వాత ఆ చాట్‌లో అంతకుముందు నడిచిన మాటలు, తర్వాత కంపెనీ కాగితాల్లోంచి వెతికి తెచ్చిన రెండు మూడు పేరాలు, అన్నిటికంటే చివర మేనేజర్ ప్రశ్న. బయటికి ప్రశ్న ఒకటే, లోపలికి వెళ్లిన కట్ట రెండు ఫోన్లకీ వేర్వేరు. అసలు "ఒకే ప్రశ్న" అన్న మాటే ఇక్కడ చెల్లదు.

మన కథలో జరిగింది ఇదీ అనుకుందాం. బాట్‌కి ఇచ్చిన ఫోల్డర్‌లో రెండు పీడీఎఫ్‌లున్నాయి. పాతదాంట్లో 48 గంటల్లోపు క్యాన్సిల్ చేస్తే మొత్తం వాపసు. నిరుడు మార్చిన కొత్తదాంట్లో ఎప్పుడు చేసినా 10 శాతం కోత. పాతది తీసేయాలని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే గుమాస్తాకి ఏది పాతదో తెలుసు. బాట్‌లో ఆ పేరాలు వెతికి తెచ్చే భాగానికి తెలియదు. అది చూసేది ప్రశ్నకి ఏ పేరా దగ్గరగా ఉందన్నదే, ఏది అమల్లో ఉందన్నది కాదు. మేనేజర్ తన ఫోన్‌లో అడిగేముందు కొత్త రేట్ల గురించి నాలుగు మాటలు మాట్లాడాడు కాబట్టి కొత్త పేరా పైకొచ్చింది. బావమరిది ఫోన్‌లో ఖాళీ చాట్, పాత పేరా పైకొచ్చింది. ఇంకా అసలు కొనుగోలుదారుల దాకా పోలేదు మనం. ఒకరు "అడ్వాన్సు ఎనక్కి ఇత్తారా" అని రాస్తారు, ఒకరు `advance venakki istara` అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, ఒకరు వాయిస్ మెసేజ్ పెడతారు, దాన్ని అక్షరాల్లోకి మార్చేటప్పుడు అదేదో ఇంకో మాటవుతుంది. ప్రతిదానికీ వెతుకులాట కొంచెం వేరుగా తిరుగుతుంది.

ఇది చీటీ రోగమా, కాగితాల రోగమా అని తేల్చుకోవడానికి ఒక పూట చాలు. ప్రతి జవాబు వెనకా మోడల్‌కి వెళ్లిన మొత్తం కట్టని దాచమని బాట్ చేసినతనికి చెప్పాలి. దీన్ని లాగ్ అంటారు, అది లేకపోతే మిగతా చర్చంతా ఊహే. తర్వాత కొత్త చాట్ తెరిచి, అదే వాక్యాన్ని కాపీ చేసి 20 సార్లు అడగాలి, ప్రతిసారీ కొత్త చాట్‌లోనే. జవాబులని మాటలు పట్టించుకోకుండా "10 శాతం", "మొత్తం", "ఇంకేదో" అని మూడు గీతల్లో లెక్కపెట్టాలి. తర్వాత వెతుకులాటని పక్కనపెట్టి, కొత్త నియమం ఉన్న ఒక్క పేరానే నేరుగా కట్టలో పెట్టి మళ్లీ 20 సార్లు అడగాలి. మొదటి విడతలో 14, 6 అని చీలి, రెండో విడతలో 20కి 20 సరైనది వస్తే, రోగం కాగితాల్లో ఉందన్నమాట, `temperature` జోలికి వెళ్లక్కర్లేదు. రెండో విడతలోనూ చీలితే అప్పుడు మీట, లేదా సూచనల్లో గందరగోళం, లేదా ఆ పనికి చాలని మోడల్.

ఒక జాగ్రత్త. 20కి 20 సరిగ్గా వచ్చాయని ఇక తప్పే రాదని అనుకోకూడదు. పరీక్షలో ఒక్క తప్పూ రానప్పుడు వాడే మోటు లెక్క ఒకటుంది: 3ని పరీక్షల సంఖ్యతో భాగించాలి. 20 పరీక్షలకి అది నూటికి 15. అంటే అసలు తప్పులు నూటికి 15 దాకా ఉన్నా కూడా మనకి 20లో ఒక్కటీ కనపడకపోవచ్చు. నూటికి ఒకటి కంటే తక్కువ అని కాస్త ధైర్యంగా చెప్పాలంటే 300 సార్లు అడగాలి. మనిషి కూర్చుని అడగక్కర్లేదు, చిన్న ప్రోగ్రామ్ రాత్రికి రాత్రి అడిగి పెడుతుంది.

అన్నిటికంటే గట్టి అదుపు మాత్రం వేరే ఉంది: డబ్బు అంకెని మోడల్ చేత రాయించకపోవడం. కొనుగోలుదారు ఏం అడుగుతున్నాడో గుర్తుపట్టడం వరకే మోడల్ పని. ఇది క్యాన్సిల్ ప్రశ్న అని తేలగానే కోత ఎంత, గడువు ఎంత అన్నవి ఒక పట్టిక నుంచి మామూలు ప్రోగ్రామ్ తీసి, ముందే రాసిపెట్టిన వాక్యంలో పెట్టి పంపాలి. అప్పుడు ఆ వాక్యం నూటికి నూరుపాళ్లు ఒకటే, ఎందుకంటే అక్కడ చీటీ తీయడమే లేదు. ప్రశ్నని గుర్తుపట్టడంలో పొరపాటు ఇంకా ఉండొచ్చు, కానీ ఆ పొరపాటు "మీ ప్రశ్న అర్థం కాలేదు, ఆఫీసు నుంచి ఫోన్ చేస్తారు" అని బయటపడేలా చేయొచ్చు. కొంచెం మొరటుగా ఉంటుంది, బాట్ తెలివి తగ్గినట్టు కనపడుతుంది, అయినా డబ్బు విషయంలో ఇదే మంచిది.

ఎందుకంత పట్టింపు అనుకుంటే కెనడాలో జరిగింది గుర్తుచేసుకోవచ్చు. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, దగ్గరివాళ్లు చనిపోయినప్పుడు ఇచ్చే తగ్గింపు ఛార్జీ గురించి, ముందు టికెట్ కొనేసి 90 రోజుల్లోపు అడిగినా తేడా వాపసు ఇస్తామని చెప్పింది. అదే వెబ్‌సైట్‌లో ఇంకో పేజీలో ప్రయాణం అయ్యాక వర్తించదని ఉంది. మన రెండు పీడీఎఫ్‌ల లాంటిదే. చాట్‌బాట్ తన మాటలకి తనే బాధ్యురాలు అన్న ఎయిర్ కెనడా వాదనని, ఆ మాట నమ్మి టికెట్ కొన్న ప్రయాణికుడు వేసిన కేసులో, అక్కడి బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది, వడ్డీ, ఫీజులతో కలిపి అతనికి 812 కెనడా డాలర్లు ఇప్పించింది. రొక్కం చిన్నదే. కానీ ఏ పేజీ నమ్మాలో కొనేవాడెందుకు తేల్చుకోవాలి అన్నదే అక్కడి ప్రశ్న.

చివరిగా ఒకటి, ఇది నెమ్మదిగా వచ్చి తగులుతుంది. అంతా సరిచేసి, పరీక్షలు పాసై, రెండు నెలలు బాగా నడిచి, ఒక పొద్దున్న ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే జవాబుల తీరు మారిపోతుంది. చాలాసార్లు కారణం మోడల్ పేరు. `gpt-4o` అని రాస్తే అది ఓపెన్‌ఏఐ కంపెనీ మోడల్‌కి ఒక వాడుక పేరు, దాని వెనకున్న మోడల్‌ని కంపెనీ ఎప్పుడైనా మార్చొచ్చు. `gpt-4o-2024-08-06` అని తేదీతో రాస్తే ఆ ఒక్కటే నడుస్తుంది. తేదీ ఉన్న పేరు వాడమని అడగడం మేనేజర్ చేతిలో ఉంది. ఆ పాత మోడల్‌ని కంపెనీ ఎన్నాళ్లు నడుపుతుందన్నది ఎవరి చేతిలోనూ లేదు, ఏదో ఒకరోజు ఆపేస్తామని నోటీసు వస్తుంది. అప్పటికి ఆ 300 ప్రశ్నలు, వాటికి రావలసిన సరైన జవాబులు ఒక ఫైల్‌లో దాచి ఉంటే కొత్త మోడల్ మీద ఒక రాత్రి నడిపి చూసుకోవచ్చు.

మళ్లీ పలాస దగ్గరికి. ఫోల్డర్‌లోంచి పాత పీడీఎఫ్ తీసేశారు. మర్నాడు బావమరిది ఫోన్‌లో మళ్లీ 48 గంటలే వచ్చింది. లాగ్ తెరిచి చూస్తే పాత పేరా ఇంకా కట్టలో కూర్చుని ఉంది. వెతికే భాగం కాగితాలని ముందే చదివి తన దగ్గర పేరాలుగా దాచుకుంటుంది, ఆ నిల్వనే ఇండెక్స్ అంటారు. ఫైల్ తీసేసినా ఆ పేరాలు పోలేదు. వాటిని కూడా చెరిపి, ఇండెక్స్ మళ్లీ కట్టించాక, ఒక ఫోన్‌లో "10 శాతం పట్టుకుని" అని, ఇంకో ఫోన్‌లో "90 శాతం మీ ఖాతాకి" అని వచ్చింది. మేనేజర్ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఈసారి ఫోన్ చేయలేదు.